పెనం కంపెనీకి రాసిన ఉత్తరం

పోయిన నెల కాలమ్‌లో ఇడ్లీ పిండి పులియబెట్టడం గురించి రాస్తూ మాటల మధ్యలో ఒక ముక్క అనేశాను, నా వంటల ఛానల్‌కి ఒక పెనాల కంపెనీ డబ్బిచ్చి వీడియో చేయించుకుందని. ఇడ్లీ పిండి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క ముక్క మీదే. న్యూజెర్సీ నుంచి ఒక చెల్లెలు రాసింది: "అక్కా, నాకు మూడు వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఎన్ని కంపెనీలకు మెయిల్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. మీరేం రాశారో కాస్త చూపిస్తారా?"

చూపిస్తాను. అయితే ముందు ఎవరూ జవాబివ్వని నా మొదటి మెయిల్ చూపించాలి. అది చూస్తేనే రెండోది ఎందుకు పనిచేసిందో తెలుస్తుంది.

నాది పెద్ద ఛానల్ ఏమీ కాదు. డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో, గ్లాస్ టాప్ పొయ్యి మీద, పిల్లలు బడికి వెళ్ళాక తీసే వీడియోలు. ఏడు వేల రెండు వందల మంది సబ్‌స్క్రైబర్లు. రెండేళ్ళ క్రితం పదకొండు కంపెనీలకు ఒకే మెయిల్ పేరు మార్చి పంపాను. అందులో ఇలా ఉంది: "నాకు చిన్నప్పటి నుంచి వంటంటే ప్రాణం. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. మీ వస్తువులంటే నాకెంతో ఇష్టం. మీతో కలిసి పనిచేసే అవకాశం ఇస్తే నా ప్రేక్షకులకు మీ బ్రాండ్‌ని పరిచయం చేస్తాను." కింద ఛానల్ లింకు, పన్నెండు పేజీల ఫోటోల ఫైలు.

పదకొండింటిలో పది కంపెనీల నుంచి ఏమీ రాలేదు. పదకొండోది ఒక నాన్‌స్టిక్ కంపెనీ, పెనం ఉచితంగా పంపింది. డబ్బు ఊసు లేదు. నేనూ అడగలేదు, పెనం వచ్చిందన్న సంబరంలో ఉన్నాను. వీడియోలో "చాలా బాగుంది" అన్నాను. అప్పటికి దాని మీద వేసింది నాలుగు దోశలు. నాలుగు నెలలకు మధ్యలో పూత లేచింది. ఆ వీడియో చూసి కొన్న ఒకావిడ, మా అమ్మ వయసు ఆవిడ, కామెంట్‌లో రాశారు: "నువ్వు చెప్పావని కొన్నానమ్మా. నీదీ లేచిందా, నాదొక్కటేనా?" ఆ కామెంట్‌కి జవాబివ్వడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాదీ లేచిందని రాసి వీడియో తీసేశాను. కంపెనీకి మెయిల్ పెడితే, ఎప్పటిలాగే, ఉలుకూ పలుకూ లేదు.

ఇప్పుడా మొదటి మెయిల్ చదివితే నాకే నవ్వొస్తుంది. అందులో వాక్యాలన్నీ నా గురించే. పెనాలు అమ్ముకునే మనిషికి మా అమ్మమ్మతో పనేముంది? ఏ పెనం, ఏ సమస్య, ఎవరికి, ఎంతకి అన్న నాలుగు సంగతుల్లో ఒక్కటీ లేదు.

రెండో మెయిల్ రాయడానికి కూర్చున్నది పోయిన ఏడాది. ఈసారి కంపెనీ దగ్గర మొదలుపెట్టలేదు, కామెంట్ల దగ్గర మొదలుపెట్టాను. యూట్యూబ్ స్టూడియోలో కామెంట్లను వెతుక్కునే వీలుంది. నా దోశ వీడియోల కింద "అంటుకు" అని వెతికాను. "పోత ఇనుము పెనం కొన్నాను, దోశ అంటుకుంటోంది, ఏం చేయాలి" అని ఏడాదిలో 43 మంది అడిగారు. వాళ్ళలో 19 మంది తమది ఎలక్ట్రిక్ పొయ్యి అని కూడా రాశారు. నేను ఒక్కొక్కరికీ "ఉల్లిపాయ ముక్కతో రుద్దండి" అని జవాబిచ్చి ఊరుకున్నాను. అసలు సంగతి ఉల్లిపాయలో లేదు, పొయ్యిలో ఉంది.

ఊళ్ళో గ్యాస్ మంట పెనం అడుగంతా పరుచుకుంటుంది. ఇక్కడి గ్లాస్ టాప్ కింద ఉండేది ఎనిమిదంగుళాల చుట్ట. దాని మీద పన్నెండంగుళాల పెనం పెడితే చుట్టూ రెండేసి అంగుళాలు పొయ్యి బయటే ఉంటాయి. పోత ఇనుము వేడిని ఎంత బాగా పట్టి ఉంచుతుందో అంత నెమ్మదిగా పాకనిస్తుంది. పెద్ద మంట పెట్టి మూడు నిమిషాల్లో పిండి పోస్తే మధ్యలో మాడుతుంది, అంచుల్లో తెల్లగా ఉండి అతుక్కుంటుంది. వంట నేర్చుకున్నది గ్యాస్ మీద కాబట్టి మనకు ఈ తేడా తట్టదు. "నాకే రావట్లేదు" అనుకుంటాం.

నా దగ్గర అప్పటికే ఒక చిన్న కంపెనీ పోత ఇనుము పెనం ఉంది, ఆరు నెలల ముందు నా డబ్బుతో కొనుక్కున్నది. 64 డాలర్లు. ఆ కంపెనీకే రాయాలనుకున్నాను. వాళ్ళ వెబ్‌సైటులో వంటకాలన్నీ స్టేకులు, మొక్కజొన్న రొట్టెలు. దోశ మాటే లేదు. పెద్ద బ్రాండ్ల జోలికి వెళ్ళలేదు. వాళ్ళకు ఇలాంటి మెయిళ్ళు కుప్పలుగా వస్తాయి, చదివేవాళ్ళు వేరు, డబ్బు ఖర్చు నిర్ణయించేవాళ్ళు వేరు. పది పదిహేను మంది పనిచేసే కంపెనీలో మార్కెటింగ్ చూసే మనిషి ఒక్కరే ఉంటారు. ఆ పేరు కంపెనీ లింక్డిన్ పేజీలో దొరికింది. ఈసారి అందరికీ పెట్టే ఇన్‌ఫో చిరునామాకి పంపలేదు.

మెయిల్ రాసింది ఇంగ్లీషులోనే. మీకోసం తెలుగులో పెడుతున్నాను. సబ్జెక్ట్ లైనుతో సహా ఇది:

"విషయం: మీ పన్నెండంగుళాల పెనం, గ్లాస్ టాప్ పొయ్యి, నా ప్రేక్షకులు 43 సార్లు అడిగిన ప్రశ్న.

నమస్తే. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాల కోసం నేను తెలుగులో వంటల వీడియోలు చేస్తాను. పోత ఇనుము పెనం మీద దోశ ఎందుకు అంటుకుంటోందని ఏడాదిలో 43 మంది నన్ను అడిగారు. అందులో 19 మంది ఎలక్ట్రిక్ పొయ్యి వాడుతున్నామని రాశారు. మీ పన్నెండంగుళాల పెనం నేను కొనుక్కుని ఆరు నెలలుగా వారానికి రెండుమూడు సార్లు వాడుతున్నాను.

ఈ ప్రశ్నకు జవాబుగా ఎనిమిది నిమిషాల వీడియో చేయాలని ఉంది. మీ పెనాన్ని గ్లాస్ టాప్ మీద ఎంతసేపు వేడి చేయాలి, మధ్యలో ఎంత, అంచుల్లో ఎంత వేడి ఉంటుందో థర్మామీటర్‌తో చూపిస్తాను. మొదటి దోశ నుంచి ఐదో దోశ వరకు కత్తిరించకుండా చూపిస్తాను. మొదటిది సరిగ్గా రాకపోతే అదీ ఉంటుంది.

నా చివరి పది వీడియోలను ఒక్కోదాన్ని మొదటి నెలలో సుమారు 2,100 మంది చూశారు. చూసేవాళ్ళలో 58 శాతం అమెరికాలో ఉన్నారు. వీడియోతో పాటు ముప్పై సెకన్ల నిలువు క్లిప్పులు రెండు ఇస్తాను, మాటలు లేకుండా, ఇంగ్లీషు అక్షరాలతో. వాటిని మీ వెబ్‌సైటులో, ఇన్‌స్టాగ్రామ్‌లో 90 రోజులు వాడుకోవచ్చు. మొత్తానికి 350 డాలర్లు.

రెండు సంగతులు ముందే చెబుతున్నాను. మీరు డబ్బిచ్చారని వీడియో మొదట్లోనే తెలుగులో చెబుతాను. ఈ పెనం ఐదున్నర పౌండ్ల బరువుందని, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకు కష్టమని కూడా చెబుతాను.

నా వీడియోలు ఎలా ఉంటాయో ఈ లింకులో ఒక నిమిషం చూస్తే చాలు. మీకు కుదురుతుందో లేదో ఒక్క మాట రాయండి."

అంతే. ఫోటోల ఫైలు లేదు. లింకు కూడా ఛానల్‌ది కాదు, ఒక పెసరట్టు వీడియోలో అట్టు తిరగేసే చోటు నుంచి మొదలయ్యేది. తెలుగు రానివాళ్ళకు ఎనిమిది నిమిషాలు చూసే ఓపిక ఎక్కడిది? చెయ్యి, అట్టు, వెలుతురు కనిపిస్తే చాలు.

ఇందులో నేను ఎక్కువసేపు తన్నుకులాడింది ఆ 2,100 అంకె దగ్గర. నా చివరి పది వీడియోల్లో ఒకటి, గోంగూర నిల్వ పచ్చడి, ఎందుకో పరిగెత్తి 61,000 చూపింది. మిగతా తొమ్మిది 1,300 నుంచి 3,100 మధ్యలో ఉన్నాయి. పదింటినీ కలిపి సగటు తీస్తే 7,970. "సగటున ఎనిమిది వేలు" అని రాస్తే అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క పచ్చడిని పక్కన పెడితే ఏ వీడియో ఎనిమిది వేల దరిదాపుల్లో లేదు. పదింటినీ చిన్న నుంచి పెద్దకి వరసగా రాసి నడిమి రెండూ చూశాను, 2,000, 2,200. వాటి మధ్య 2,100. అదే రాశాను. మావారు చూసి "నీ బేరం నువ్వే తగ్గించుకుంటున్నావ్" అన్నారు. ఎనిమిది వేలని చెప్పి రెండు వేలు వస్తే రెండోసారి ఆ కంపెనీ గుమ్మం ఎలా ఎక్కుతాను?

ఇక 350 ఎక్కడి నుంచి వచ్చింది. ప్రకటనలవాళ్ళు లెక్కేసినట్టు వెయ్యి మందికి ఇంతని లెక్కేస్తే మనలాంటి చిన్న ఛానల్‌కి మిగిలేది లేదు. ఈ కంపెనీ అమెరికాలోనే అమ్ముతుంది, కాబట్టి 2,100లో 58 శాతం, అంటే పన్నెండు వందల మంది లెక్కకి వస్తారు. వెయ్యికి పాతిక డాలర్లు అనుకున్నా ముప్పై డాలర్లు. దాంతో మినప్పప్పు, నెయ్యి కూడా రావు. అందుకని చూసేవాళ్ళ సంఖ్యని కాకుండా నా పనిని అమ్మాను. పిండి రుబ్బడం, రెండు పూటలు చిత్రీకరణ, ఎడిటింగ్, ఇంగ్లీషు అక్షరాలు వేయడం అన్నీ కలిపి పంతొమ్మిది గంటలు. గంటకి పద్దెనిమిది డాలర్ల చొప్పున వేసుకుని పైన కాస్త కలిపాను. కంపెనీకి కూడా నిజంగా పనికొచ్చేవి ఆ రెండు క్లిప్పులే. తమ పెనం మీద దోశ వేసిన దృశ్యాలు తీయించుకోవాలంటే వాళ్ళు మనిషిని పెట్టుకోవాలి, ఆ మనిషికి దోశ వేయడం రావాలి.

మెయిల్ పంపిన తొమ్మిది రోజుల వరకు ఏమీ లేదు. పదో రోజు అదే మెయిల్ కింద రెండు వాక్యాలు రాశాను: "ఈ వారం ఇదే ప్రశ్న ఇంకా ఇద్దరు అడిగారు. మీకు ఆసక్తి లేకపోతే చెప్పండి, మళ్ళీ ఇబ్బంది పెట్టను." మర్నాడు జవాబొచ్చింది. ఆవిడ మర్యాదగానే రాసింది. బడ్జెట్ లేదట. లింకు ఇస్తాం, ఆ లింకు ద్వారా అమ్ముడైన ప్రతి పెనం మీద పది శాతం నీదే అంది.

ఇక్కడే చాలామంది ఒప్పేసుకుంటారు. పది శాతం అంటే బాగానే వినిపిస్తుంది. నేను పక్కన కాగితం పెట్టుకుని లెక్కేశాను. 64 డాలర్ల పెనం మీద ఆరు డాలర్ల నలభై సెంట్లు. 350 రావాలంటే 55 పెనాలు అమ్ముడవ్వాలి. అమెరికాలో చూసే పన్నెండు వందల మందిలో 55 మంది, అంటే ప్రతి ఇరవై రెండు మందిలో ఒకరు, ఇంట్లో ఉన్న పెనం పక్కన పెట్టి ఇది కొనాలి. అంతకుముందు పోపుల డబ్బాకి ఒక లింకు పెడితే అమ్ముడైనవి మూడు.

ఆ లెక్కే ఆవిడకి రాసి, "కమిషన్ ఉంచండి, కానీ పనికి డబ్బు వేరుగా ఇవ్వండి, 300 చేస్తాను" అన్నాను. చివరికి 250 డాలర్లు, పైన పది శాతం కమిషన్ దగ్గర కుదిరింది. సగం ముందు, సగం వీడియో వచ్చిన ముప్పై రోజుల్లో. గంటకి పదమూడు డాలర్లు పడింది. అయినా ఒప్పుకున్నాను, ఆ వీడియో ఎలాగూ చేయాల్సిందే కాబట్టి.

తర్వాత కాంట్రాక్టు వచ్చింది, నాలుగు పేజీలు. అందులో రెండు చోట్ల ఎర్ర సిరాతో గీత గీశాను. మొదటిది, నేను తీసిందంతా "శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో" వాడుకునే హక్కు వాళ్ళదని. అంటే పదేళ్ళ తర్వాత కూడా నా చెయ్యి, నా గొంతు ప్రకటనల్లో తిరుగుతూ ఉంటుంది, నాకు పైసా రాదు. "మెయిల్‌లో 90 రోజులని రాశాను కదా, వెబ్‌సైటు, ఇన్‌స్టాగ్రామ్ వరకే. డబ్బు కట్టి ప్రకటనగా వేసుకోవాలంటే విడిగా మాట్లాడుకుందాం" అని మార్పించాను. మాట్లాడకుండానే మారింది. అది కావాలని పెట్టింది కాదు, ఎక్కడో తీసుకున్న నమూనా కాంట్రాక్టు. అడగకపోతే మాత్రం అలాగే ఉండిపోయేది.

రెండోది, వీడియో పెట్టే ముందు వాళ్ళకు చూపించి "వాళ్ళు కోరిన మార్పులన్నీ" చేయాలని. దాన్ని "ఒక్కసారి, కొలతలు, ధర, పేరు లాంటి వాస్తవాల్లో తప్పులుంటే" అని మార్చమన్నాను. దానికీ సరేనన్నారు. అసలు పరీక్ష వీడియో పంపాక వచ్చింది.

వీడియోలో ఏం చూపించానంటే, మధ్యస్థం కన్నా కాస్త తక్కువ మంట మీద పది నిమిషాలు వేడి చేశాను. తాకకుండా కొలిచే థర్మామీటర్‌తో చూస్తే మధ్యలో 430 ఫారెన్‌హీట్, అంచుల్లో 340. మధ్యలో నీళ్ళు చిలకరించి బట్టతో తుడిచి, వేడి 400 దగ్గరకు దిగాక పిండి పోశాను. మొదటి దోశ అంచు పట్టుకుంది. రెండోది సగం నయం. మూడోదానికి పిండిని అంచుల దాకా లాగకుండా తొమ్మిదంగుళాల దగ్గర ఆపేశాను, చక్కగా లేచింది. అన్నట్టు గ్లాస్ మీద ఈ పెనాన్ని జరపకూడదు, ఎత్తి పెట్టాలి, లేకపోతే గీతలు పడతాయి. ఎత్తేటప్పుడే బరువు తెలుస్తుంది. రెండు చేతులతో ఎత్తుతూ చెప్పాను: "ఇది ఐదున్నర పౌండ్లు, అంటే రెండున్నర కిలోలు. మణికట్టు నొప్పి ఉన్న పెద్దవాళ్ళకు ఇది కొనివ్వకండి."

రెండు రోజుల్లో మెయిల్ వచ్చింది. అంతా బాగుంది, ఆ బరువు మాట, "కొనివ్వకండి" అన్నది తీసేయమని. మొదటి దోశ అంటుకున్న ముక్క కూడా కాస్త తగ్గించమని.

అబద్ధం ఎందుకు, చేతులు వణికాయి. 250 డాలర్లు, నా పేరు మీద వస్తున్న మొదటి సొమ్ము. పూత లేచిన పెనం ఆవిడ కూడా గుర్తొచ్చింది. "నీదీ లేచిందా, నాదొక్కటేనా?"

పొడుగ్గా వాదించలేదు. నా మొదటి మెయిల్‌లోని ఆ వాక్యాన్నే మళ్ళీ పంపాను, తేదీతో సహా. "బరువు గురించి చెబుతానని అప్పుడే రాశాను. బరువులో తప్పుంటే సరిచేస్తాను. మీ దగ్గర పదంగుళాల పెనం ఉంది కదా, బరువు వద్దనుకునేవాళ్ళకు అది చూపించనా?" ఆవిడకి అది నచ్చింది. చిన్న పెనం కూడా పంపారు, నాలుగు పౌండ్లు, 52 డాలర్లు. "కొనివ్వకండి" పక్కన "అలాంటివాళ్ళకు ఈ చిన్నది నయం" అని చేర్చాను. మొదటి దోశ అంటుకోవడం అలాగే ఉంది.

మెయిల్‌లో ఆ వాక్యం లేకపోయి ఉంటే నేను గెలిచేదాన్ని కాదు. కాంట్రాక్టు అయ్యాక హఠాత్తుగా లోపాలు చెబుతున్నట్టు ఉండేది, వాళ్ళకు కోపం రావడం న్యాయమే అయ్యేది. ఇంకో సంగతి కూడా తర్వాత తెలిసింది. నాకు జవాబెందుకిచ్చారని అడిగితే ఆవిడ ఆ వాక్యం వల్లే అంది. పెనం నిజంగా వాడిన మనిషికే దాని బరువు తెలుస్తుందట.

డబ్బు తీసుకున్నానని చెప్పడం గురించి చాలామంది అడిగారు కాబట్టి అదీ రాస్తాను. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం డబ్బే కాదు, ఉచితంగా వస్తువు తీసుకున్నా చూసేవాళ్ళకు స్పష్టంగా చెప్పాలి. వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి, కింద వివరాల్లో ఎక్కడో రాస్తే చాలదు. మనం పట్టించుకోనిది ఇంకొకటుంది. ఏ భాషలో మెచ్చుకుంటున్నామో ఆ భాషలోనే చెప్పాలి. వీడియో అంతా తెలుగులో మాట్లాడి ఓ మూల ఇంగ్లీషులో "స్పాన్సర్డ్" అని రాస్తే కుదరదు. నేను మొదటి పది సెకన్లలోనే "ఈ పెనం కంపెనీవాళ్ళు ఈ వీడియోకి నాకు డబ్బిచ్చారు" అన్నాను. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ అని టిక్కు పెట్టే గడి ఉంటుంది, అదీ పెట్టాను. ఆ రెండు సంవత్సరాల క్రితం నాన్‌స్టిక్ పెనం ఉచితంగా వచ్చిందని నేనెక్కడా చెప్పలేదు. నియమం తెలియక. అది నా తప్పే.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. నాకు పనిచేసే అనుమతి కార్డు, ఈఏడీ, ఉంది. హెచ్4 మీద ఉండి ఆ కార్డు లేని చెల్లెళ్ళు ఇలాంటి మెయిల్ పంపే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఒప్పందం అయ్యాక కాదు. "డబ్బు కాదు కదా, పెనమే కదా" అనుకోవద్దు. పనికి బదులుగా తీసుకున్న వస్తువు కూడా ప్రతిఫలంగా లెక్కకు రావచ్చు. మావారి ఖాతాలో వేయించుకుంటాను అనే ఉపాయం నాకు ఇద్దరు ముగ్గురు చెప్పారు. పని చేసింది ఎవరన్నదే ప్రశ్న, ఖాతా ఎవరిదన్నది కాదు. దుబాయ్, అబుదాబిల్లో ఉన్నవాళ్ళకు డబ్బు తీసుకుని ప్రచారం చేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఇక్కడ ఈఏడీ ఉన్నవాళ్ళకు కంపెనీ డబ్లు-9 ఫారం పంపుతుంది, నింపి ఇవ్వండి. ఏడాది చివర వాళ్ళ నుంచి 1099 రాకపోయినా ఆ ఆదాయం ట్యాక్సుల్లో చూపించాల్సిందే.

వీడియోని మొదటి నెలలో 1,900 మంది చూశారు, నేను చెప్పిన దానికన్నా రెండు వందలు తక్కువే. లింకు ద్వారా పద్నాలుగు పెనాలు అమ్ముడయ్యాయి, పెద్దవి తొమ్మిది, చిన్నవి ఐదు. కమిషన్ 83 డాలర్ల అరవై సెంట్లు. మొదట్లో వాళ్ళు చెప్పినట్టు కమిషనొక్కటే ఒప్పుకుని ఉంటే పంతొమ్మిది గంటలకు నాకొచ్చేది అదే. రెండో సగం డబ్బు ముప్పై రోజుల్లో రాలేదు, నలభై ఏడో రోజు వచ్చింది, రెండుసార్లు గుర్తు చేశాక.

తెనాలిలో అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "దోశ పెనం మీద అంటుకోకుండా ఎలా తియ్యాలో చెప్పడానికి నీకు డబ్బులిచ్చారా? నేను నీకు ఊరికే చెప్పానే" అంది. తర్వాత అడిగింది, ఆ చిన్న పెనం ఇండియా వచ్చేటప్పుడు తెస్తావా అని.

న్యూజెర్సీ చెల్లెలికి ఒక మాట. నీ మెయిల్ చదివాను. రెండో పేరాలో మీ నాయనమ్మ చేసే ఉలవచారు గురించి రాశావు, చాలా బాగుంది, అది ఈ పత్రికకి పంపు. కంపెనీకి రాసేటప్పుడు ఆ చోట నీ ఛానల్లో ప్రెజర్ కుక్కర్ విజిల్ రాదని ఎంతమంది అడిగారో లెక్కపెట్టి రాయి.